నాలుగు గంటల గడియారం: లక్ష్యాలతో నడిచే పాలన లోపల ఏం జరుగుతుంది

ఇంగ్లండ్ ఆస్పత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో ఏ రోగి ఎంతసేపు ఉన్నాడో 2000ల మధ్యలో గ్రాఫ్ గీసి చూసిన పరిశోధకులకు ఒక విచిత్రమైన ఆకారం కనిపించింది. మొదట్లో పెరిగి, ఆపైన మెల్లగా దిగుతూ వచ్చిన గీత మూడు గంటల నలభై నిమిషాల దగ్గర హఠాత్తుగా పైకి లేచింది. నాలుగు గంటలు నిండగానే నిట్టనిలువునా పడిపోయింది. రోగాలకు నాలుగు గంటల సరిహద్దు ఏమీ ఉండదు కాబట్టి ఈ ఆకారం వైద్యం వల్ల వచ్చింది కాదు. ప్రభుత్వం పెట్టిన ఒక లక్ష్యం వల్ల వచ్చింది. ఫలితాలను కొలిచి, ఆ కొలతతోనే ప్రభుత్వ శాఖలను నడిపించాలన్న ఆలోచన ఆచరణలో ఏం చేస్తుందో తెలుసుకోవడానికి దీనికంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. ఇక్కడ లక్ష్యం ప్రాణాలను కాపాడింది, పనిని వంకర కూడా తిప్పింది. ఈ రెండింటికీ మూలం ఒకటే.

ఈ ఆలోచనల మూటకు 'న్యూ పబ్లిక్ మేనేజ్‌మెంట్' అన్న పేరు స్థిరపడింది 1991లో, పాలనా శాస్త్ర పండితుడు క్రిస్టఫర్ హుడ్ రాసిన ఒక వ్యాసంతో. అప్పటికే కొన్నేళ్లుగా బ్రిటన్, న్యూజిలాండ్ వంటి దేశాల్లో మార్పులు నడుస్తున్నాయి. పాత పద్ధతిలో శాఖను అడిగే ప్రశ్నలు రెండే: కేటాయించిన డబ్బు ఆ పద్దు కిందే ఖర్చయిందా, నిబంధనలు పాటించారా. ఆ డబ్బుతో ప్రజలకు ఏం అందిందన్నది లెక్కల్లోకి వచ్చేది కాదు. కొత్త పద్ధతి ఆ ప్రశ్ననే ముందుకు తెచ్చింది. 1988లో బ్రిటన్ 'నెక్స్ట్ స్టెప్స్' పేరుతో సేవలు అందించే విభాగాలను మంత్రిత్వ శాఖల నుంచి విడదీసి ఏజెన్సీలుగా మార్చడం మొదలుపెట్టింది. ఒక్కో ఏజెన్సీకి ఒక చీఫ్ ఎగ్జిక్యూటివ్, అతను సాధించాల్సిన అంకెలతో ఒక ఒప్పంద పత్రం. అదే ఏడాది న్యూజిలాండ్ చట్టం చేసి శాఖాధిపతులను నిర్ణీత కాలపు కాంట్రాక్టుల మీదికి తెచ్చింది. 1989లో మరో చట్టంతో, శాఖలకు నిధులు ఇచ్చేది అవి అందించే సేవల లెక్క ప్రకారమేనని తేల్చింది.

ఇందులోని బేరం సూటిగానే ఉంటుంది. మేనేజరు ఎలా పనిచేయాలో పైనుంచి చెప్పరు. ఏం సాధించాలో అంకెల్లో చెప్తారు. సాధిస్తే స్వేచ్ఛ, సాధించకపోతే పరిణామం. 1991లో ప్రధాని జాన్ మేజర్ ప్రభుత్వం తెచ్చిన సిటిజన్స్ చార్టర్‌తో ఆ అంకెలు ప్రజల ముందుకు వచ్చాయి. 1998 నుంచి బ్రిటన్ ఆర్థిక శాఖ ట్రెజరీ ఒక్కో శాఖకు బడ్జెట్ ఇస్తూ, అందుకు ప్రతిగా ఫలితాల ఒప్పందాలు రాయించుకుంది. 2001లో ప్రధాని కార్యాలయంలోనే మైకేల్ బార్బర్ ఆధ్వర్యంలో ఒక డెలివరీ యూనిట్ ఏర్పడి, ఎంపిక చేసిన కొన్ని లక్ష్యాలను క్రమం తప్పకుండా వెంటాడింది. ఎమర్జెన్సీలో నిరీక్షణ వాటిలో ఒకటి.

లక్ష్యం అంటే ఒక్క అంకె కాదు

బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ కోసం 2000 జులైలో వచ్చిన ప్రణాళిక ఇచ్చిన మాట ఇది: 2004 చివరికల్లా ఎమర్జెన్సీకి వచ్చిన ఎవరూ అక్కడ నాలుగు గంటలకు మించి ఉండకూడదు. ఆలోగా అడ్మిట్ చేయాలి, వేరేచోటికి పంపాలి లేదా ఇంటికి పంపాలి. వైద్యపరంగా నిజంగానే ఎక్కువసేపు ఉంచాల్సిన వాళ్లుంటారని డాక్టర్లు చెప్పడంతో తర్వాత దీన్ని 98 శాతానికి కుదించారు. చూడటానికి ఇది ఒక్క వాక్యమే. అమలులోకి వచ్చేసరికి అందులో కనీసం అయిదు భాగాలు ఉన్నాయని తేలింది: గడియారం ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ఆగుతుంది, హద్దు ఎక్కడ, ఏ కాలానికి లెక్క తీస్తారు, తప్పితే ఏమవుతుంది. ఏ భాగంలో సందు మిగిలితే పని అటువైపు జారింది.

మొదట గడియారం మొదలయ్యే క్షణం. సొంతంగా నడిచి వచ్చినవారికి కౌంటర్లో పేరు నమోదైన సమయం సరిపోతుంది. అంబులెన్స్‌లో వచ్చినవారి సంగతి వేరు. లోపలికి తీసుకున్నాకే లెక్క మొదలైతే, లోపల రద్దీగా ఉన్నప్పుడు రోగిని బయట అంబులెన్స్‌లోనే ఉంచడం ఆస్పత్రికి లాభం. సరిగ్గా అదే జరిగింది, అంబులెన్సులు గేటు బయట బారులు తీరాయి. అక్కడ నిలిచిపోయిన ప్రతి వాహనం ఇంకో చోట గుండెపోటు వచ్చిన మనిషికి అందని వాహనం. అందుకే నిబంధనలో ఒక పంక్తి చేరింది: రోగిని ఆస్పత్రి సిబ్బందికి అప్పగించిన క్షణం గానీ, అంబులెన్స్ వచ్చిన 15 నిమిషాలకు గానీ, ఏది ముందైతే అప్పుడు గడియారం మొదలవుతుంది. ఈ ఒక్క పంక్తి లేకపోతే మిగతా లెక్కంతా నమ్మడానికి లేదు.

ఇలాంటిదే ఇంకో గడియారం చాలాకాలం సరిదిద్దకుండా ఉండిపోయింది. స్ట్రెచర్ మీద 12 గంటలు దాటి ఎదురుచూసిన వారి సంఖ్యను ఇంగ్లండ్‌లో రోగి వచ్చిన సమయం నుంచి లెక్కించలేదు. 'అడ్మిట్ చేయాలి' అని నిర్ణయం రాసిన సమయం నుంచి లెక్కించారు. నిర్ణయం రాయడం ఎంత ఆలస్యమైతే రికార్డులో నిరీక్షణ అంత తక్కువ. రోగి ఎనిమిది గంటలు కూర్చున్నాక నిర్ణయం రాసి, ఆపై పది గంటలకు బెడ్ ఇస్తే మొత్తం 18 గంటలైనా ఆ పట్టికలో అతను కనిపించడు. రోగి వచ్చినప్పటి నుంచి లెక్కించిన అంకెలను క్రమం తప్పకుండా ప్రచురించడం 2023 ఫిబ్రవరిలో గానీ మొదలవలేదు.

కాలం విషయంలో పొరపాటు మరీ స్పష్టం. 2003లో మధ్యంతర లక్ష్యాన్ని మార్చి చివర్లో ఒక్క వారం కొలిచారు. ఏ వారమో ఆస్పత్రులకు ముందే తెలుసు. ఆ వారానికి తాత్కాలిక సిబ్బందిని తెచ్చుకున్నారు, డబుల్ షిఫ్టులు వేశారు, ముందే ఖరారైన ఆపరేషన్లను వాయిదా వేసి వార్డుల్లో బెడ్లు ఖాళీ చేశారు. అంకె మెరుగ్గా వచ్చింది, వారం గడవగానే ఆ ఏర్పాట్లు పోయాయి. ఒక్క వారాన్ని కొలిస్తే ఆ వారాన్నే బాగుచేస్తారు. తర్వాత మూడు నెలల సగటు తీసుకునే పద్ధతి వచ్చాక ఈ దారి మూసుకుపోయింది, ఎందుకంటే మూడు నెలలపాటు ఎవరూ డబుల్ షిఫ్టులు నడపలేరు.

ఇక పరిణామం. 2001 నుంచి 2005 వరకు ప్రతి ఆస్పత్రికీ సున్నా నుంచి మూడు నక్షత్రాల వరకు రేటింగ్ ఇచ్చి బహిరంగంగా ప్రకటించారు. నిరీక్షణ సమయాలే ఆ రేటింగులో కీలకం. మొదటి విడతలో సున్నా వచ్చిన ఆస్పత్రులు పన్నెండు. వాటి అధిపతుల్లో ఆరుగురు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. లక్ష్యాన్ని ఆస్పత్రులు ఎందుకంత తీవ్రంగా పట్టించుకున్నాయో, కొన్నిచోట్ల రికార్డులు దిద్దే స్థాయికి ఒత్తిడి ఎలా చేరిందో అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బలమైన పరిణామం లేని చార్టరును ఎవరూ లెక్కచేయరు. బలమైన పరిణామం ఉన్న లక్ష్యంలోని ప్రతి సందునూ ఎవరో ఒకరు వెతికి పట్టుకుంటారు.

హద్దు మనుషులను ఎటు తోస్తుంది

'ఇన్ని గంటల్లోపు ఇంత శాతం' అనే రూపానికి ఒక గుణం ఉంది. మూడు గంటల యాభై నిమిషాల దగ్గరున్న రోగి చాలా విలువైనవాడు. నాలుగు గంటల అయిదు నిమిషాలు అయిపోయిన రోగికి లెక్కలో ఇక విలువ లేదు, అతను ఆరు గంటలున్నా పదకొండు గంటలున్నా ఒక్క ఉల్లంఘన కిందే వస్తాడు. అలాగే గంట క్రితం వచ్చిన తీవ్రమైన రోగి కంటే, హద్దుకు పది నిమిషాల దూరంలో ఉన్న చీలమండ బెణుకు ముందుకు జరగొచ్చు. సిబ్బంది చెడ్డవాళ్లు కావడం వల్ల ఇది జరగదు. బోర్డు మీద ఎరుపు రంగులోకి మారేది ఎవరి పేరో దాన్నిబట్టి షిఫ్టు ఇన్‌ఛార్జి కళ్లు కదులుతాయి.

దీన్ని అంకెలతో పసిగట్టవచ్చు. శాతాన్ని చూస్తే మాత్రం కాదు, మొత్తం పంపిణీని చూడాలి. ఒక ఊహాజనిత విభాగాన్ని తీసుకుందాం. వారానికి వెయ్యిమంది రోగులు. 720 మంది మూడు గంటల్లోపే వెళ్లిపోయారు. ఆపైన ఇరవై నిమిషాలకొక ముక్కగా విడగొడితే, మొదటి ముక్కలో 60 మంది, రెండో దానిలో 50, మూడు గంటల నలభై నుంచి నాలుగు వరకు ఉన్న ముక్కలో 150 మంది వెళ్లారు. నాలుగు దాటినవారు 20 మంది. ఫలితం సరిగ్గా 98 శాతం, నివేదికలో ఆకుపచ్చ గుర్తు.

60, 50 అని దిగుతున్న వరుసలో తర్వాత రావాల్సింది దాదాపు 42, వచ్చింది 150. అంటే 108 మంది అదనం. నాలుగు గంటల తర్వాత ఆ దిగుడు అలాగే కొనసాగి ఉంటే 36, 30, 25, 20, 17 చొప్పున 128 మంది ఉండాలి, ఉన్నది 20. అక్కడ తగ్గింది కూడా 108. హద్దుకు ఆవల ఉండాల్సినవాళ్లే ఈవలికి వచ్చారన్నమాట. నిజం లెక్కల్లో ఇంత కచ్చితంగా కుదరదు. అయినా హద్దుకు ముందు గుట్ట, తర్వాత గొయ్యి దాదాపు సమానంగా ఉంటే రోగులు అటు నుంచి ఇటు మారారని నమ్మకంగా చెప్పవచ్చు.

ఇక్కడితో ఆగి 'మోసం' అని ముద్ర వేయడం పెద్ద తప్పు. ఆ 108 మందికి నిజంగానే పని త్వరగా అయి ఉండవచ్చు. లక్ష్యం పెట్టింది అందుకే కదా. తేల్చుకోవాలంటే వాళ్లు ఎక్కడికి వెళ్లారో చూడాలి. ముందు ముక్కల్లో మూడోవంతు మంది అడ్మిట్ అయితే, ఆఖరి ముక్కలోని 150లో 50 మంది అడ్మిట్ కావాలి. 90 మంది అయ్యారనుకుందాం. ఆ అదనపు 40 మందిలో ఎక్కువమంది ఏ చికిత్సా ప్రక్రియా లేకుండా అదే రాత్రి డిశ్చార్జి అయితే, వాళ్లను పరిశీలన వార్డుకు మార్చింది గడియారం ఆపడానికేనన్న అనుమానం బలపడుతుంది. అయితే ఎక్కువసేపు ఉన్నవాళ్లు సహజంగానే జబ్బు ముదిరినవాళ్లు, వారిలో అడ్మిషన్లు ఎక్కువే ఉంటాయి. కాబట్టి పోలిక అదే ఆస్పత్రిలో లక్ష్యం రాకముందు అంతే సమయం ఉన్న రోగులతో చేయాలి, పక్క ముక్కతో మాత్రమే కాదు.

కాగితం మీద సమయం దిద్దితే దాని జాడ వేరుగా ఉంటుంది. అప్పుడు రోగి నిజంగా కదలడు, ఒక్క నమోదు మాత్రమే మారుతుంది. అందుకే ఒకే రోగికి సంబంధించిన వేర్వేరు సమయాలను ఎదురెదురుగా పెట్టి చూడాలి. రాత్రి పన్నెండింటికి వచ్చి 3:58కి వెళ్లిపోయినట్టు రాసిన మనిషికి ఎమర్జెన్సీ కోడు కిందే 4:40కి రక్తం తీసినట్టు ల్యాబ్ రికార్డులో ఉంటే, లేదా మందుల చార్టులో అయిదింటికి ఇంజక్షన్ ఇచ్చినట్టు నర్సు సంతకం ఉంటే, మొదటి సమయం అబద్ధం. ల్యాబ్‌కూ ఎక్స్‌రేకూ ఈ లక్ష్యంతో పనిలేదు కాబట్టి వాటి గడియారాలను దిద్దాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆస్పత్రిపై జరిగిన విచారణలో, ఉల్లంఘన కనబడకుండా సమయాలను తప్పుగా రాయించేవారని అక్కడి నర్సు ఒకరు చెప్పారు. ఆస్పత్రి పాలక మండలి దృష్టి లక్ష్యాల మీద, ఖర్చుల మీద ఉండిపోయి రోగుల దుస్థితి కనబడకుండా పోయిందని ఆ విచారణ తర్వాత 2013లో వచ్చిన ఫ్రాన్సిస్ నివేదిక తేల్చింది.

కొలవని పక్క పని మీద పడే దెబ్బ వీటన్నిటికంటే గుర్తించడం కష్టం, ఎందుకంటే కొలవని చోట రికార్డే ఉండదు. బ్రిస్టల్‌లోని కంటి ఆస్పత్రి సంగతి ఇందుకు సాక్ష్యం. అక్కడ లక్ష్యం కొత్త రోగుల మొదటి అపాయింట్‌మెంటుకు ఉంది, పాత రోగుల తదుపరి పరీక్షలకు లేదు. కొత్తవారికి చోటివ్వడానికి తదుపరి పరీక్షలను పెద్ద సంఖ్యలో రద్దు చేశారు. గ్లకోమా వంటి జబ్బుల్లో చూపు నిలబడేది ఆ తదుపరి పరీక్షల వల్లే. ఆలస్యం కారణంగా రెండేళ్లలో కనీసం 25 మంది చూపు కోల్పోయారని 2003లో పార్లమెంటు కమిటీ ముందుకు సాక్ష్యం వచ్చింది. నిరీక్షణ లక్ష్యం మాత్రం నెరవేరింది.

అయినా లక్ష్యం ఎందుకు పనికొచ్చింది

ఇంతవరకు చదివినవారికి లక్ష్యాలను ఎత్తేయడమే మేలనిపిస్తే ఆశ్చర్యం లేదు. సాక్ష్యం అటువైపు లేదు. 2018లో ఆర్థికవేత్త జోనథన్ గ్రూబర్, ఇద్దరు సహ పరిశోధకులు ఇంగ్లండ్ రోగుల రికార్డులతో, పైన చెప్పిన గుట్ట–గొయ్యి పద్ధతిలోనే లెక్క వేశారు. లక్ష్యం ప్రభావం పడిన రోగులకు నిరీక్షణ 19 నిమిషాలు తగ్గింది. అడ్మిషన్లు పెరిగాయి, పరీక్షలు పెరిగాయి, ఖర్చు పెరిగింది, అంటే వంకర ఉంది. కానీ అదే రోగుల్లో మరణాలు 14 శాతం తగ్గాయి. హద్దు దగ్గర తొందర పెట్టి వార్డుకు పంపిన నిర్ణయాల్లో కొన్ని అనవసరమే కావచ్చు, ప్రాణాలు కాపాడింది ఆ అదనపు అడ్మిషన్లు కాదు, నిరీక్షణ తగ్గడమేనని వారి లెక్క సూచిస్తోంది.

ఇలా ఎందుకైందంటే, చీకటి కోణాన్ని సృష్టించిన ఒత్తిడే మంచిని కూడా సృష్టించింది. లక్ష్యం పెట్టకముందు ఎమర్జెన్సీలో రోగి ఎదురుచూస్తే అది ఆ విభాగం తలనొప్పి. వార్డులో బెడ్ ఆలస్యంగా ఖాళీ అయినా, ఎక్స్‌రే గంట ఆలస్యమైనా ఆ విభాగాలను ప్రశ్నించేవారు లేరు. ఆస్పత్రి మొత్తానికి ఒకే అంకె పెట్టి, దానికి అధిపతిని బాధ్యుణ్ని చేయడంతో ఆ ఆలస్యాలు అధిపతి బల్ల మీదికి వచ్చాయి. చిన్న గాయాలవారికి వేరే వరుస పెట్టారు. సీనియర్ డాక్టర్లు రోగిని ముందే చూడటం మొదలైంది. వార్డుల్లో డిశ్చార్జిలను ఉదయానికి మార్చారు. ఈ పనులేవీ లక్ష్యంలో రాసి లేవు. ఏం సాధించాలో చెప్పి, ఎలా అన్నది మేనేజరుకు వదలాలన్న న్యూ పబ్లిక్ మేనేజ్‌మెంట్ వాదం సరిగ్గా పనిచేసింది ఈ చోటే.

కాబట్టి అసలు ప్రశ్న లక్ష్యం ఉండాలా వద్దా అన్నది కాదు, దాని రూపం ఎలా ఉండాలన్నది. 2010లో ప్రభుత్వం మారాక 98 శాతాన్ని 95కి తగ్గించారు. 2011 నుంచి పక్కనే మరికొన్ని కొలతలు పెట్టారు: మొదటి పరీక్షకు పట్టిన సమయం, చికిత్స మొదలవడానికి పట్టిన సమయం, డాక్టరును చూడకుండానే వెళ్లిపోయినవారు, ఏడు రోజుల్లో మళ్లీ వచ్చినవారు. చివరి రెండూ కాపలా కొలతలు. రోగిని హడావుడిగా ఇంటికి పంపితే మళ్లీ రావడాల్లో బయటపడుతుంది, వరుసలో విసిగించి పంపితే చూడకుండా వెళ్లినవారిలో బయటపడుతుంది. ఏ లక్ష్యానికైనా దాన్ని అడ్డదారిలో చేరుకుంటే చెడిపోయే కొలత ఒకటి జతగా ఉండాలి.

అంబులెన్సుల విషయంలో మార్పు ఇంకా లోతుగా వెళ్లింది. ప్రాణాపాయ కాల్స్‌లో 75 శాతానికి ఎనిమిది నిమిషాల్లో చేరాలన్నది పాత లక్ష్యం. అక్కడా ఎనిమిది నిమిషాల దగ్గర అదే గుట్ట కనిపించింది. కాల్ వచ్చినప్పుడా, చిరునామా తెలిశాకా, వాహనం కదిలాకా లెక్క మొదలయ్యేదన్నది ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉండటంతో, 2008 ఏప్రిల్ నుంచి కాల్ కంట్రోల్ రూముకు కలిసిన క్షణాన్నే అందరికీ లెక్క మొదలుగా నిర్ణయించారు. అయినా గడియారం ఆపడానికి ముందు ఒక మోటార్‌సైకిల్‌నో కారునో పంపి, రోగిని ఎక్కించుకెళ్లే బండి కోసం ఆ తర్వాత ఎదురుచూసే పద్ధతి మిగిలింది. 2017లో హద్దు–శాతం రూపాన్నే తీసేశారు. అత్యంత తీవ్రమైన కాల్స్‌కు సగటు ఏడు నిమిషాలు, పదిలో తొమ్మిదింటికి 15 నిమిషాల్లోపు. సగటు తీసుకుంటే హద్దు దాటిన రోగికి విలువ పోదు, ఇరవై నిమిషాలు నలభై అయితే సగటు కదులుతుంది. రెండో అంకె ఎక్కువసేపు ఎదురుచూసినవారిని దాచనివ్వదు.

ఏ రూపమైనా సామర్థ్యానికి లోబడే పనిచేస్తుంది. వార్డులు నిండిపోయి రోగిని పైకి పంపే దారి మూసుకుపోతే ఎమర్జెన్సీ సిబ్బంది ఎంత చురుగ్గా ఉన్నా గడియారం ఆగదు. ఇంగ్లండ్‌లో 95 శాతాన్ని దేశం మొత్తంగా చివరిసారి అందుకున్నది 2015 జులైలో. తర్వాత 2024 మార్చికి 76 శాతం, 2025 మార్చికి 78 శాతం అని మధ్యంతర గమ్యాలు పెట్టారు. ఇంత కిందికి దిగిన హద్దుతో ఇంకో సమస్య పుట్టింది. 98 శాతం దగ్గర దాదాపు ప్రతి రోగీ లెక్కలోకి వస్తాడు. 76 శాతం దగ్గర, ఎలాగూ ఇంటికి వెళ్లే తేలికపాటి రోగులను వేగంగా పంపేస్తే చాలావరకు గమ్యం చేరుకోవచ్చు. అడ్మిషన్ అవసరమైన వృద్ధులు స్ట్రెచర్ మీద రాత్రంతా ఉన్నా ఆ శాతం పెద్దగా పడిపోదు. అడ్మిట్ అయినవారికి, ఇంటికి వెళ్లినవారికి ఒకే శాతం చూపించే నివేదికలో ఈ తేడా కనబడదు. రెండు గుంపుల నిరీక్షణను విడివిడిగా ప్రచురించి, రెండింటికీ రెండు లక్ష్యాలు పెట్టినప్పుడే ఏ గుంపును పణంగా పెట్టి ఏ గుంపు అంకెను మెరుగుపరిచారో తెలుస్తుంది.